రెండో రివ్యూయర్‌కు రాసిన జవాబు

పరిశోధన పేపర్ పంపిన మూడు నాలుగు నెలలకు పత్రిక ఎడిటర్ నుంచి మెయిల్ వస్తుంది. వద్దని తిప్పి పంపలేదు, సరేనని వేసుకోనూ లేదు. ఇద్దరు ముగ్గురు రివ్యూయర్ల అభిప్రాయాలు జతచేసి, వీటికి సమాధానం చెప్పి సవరించి పంపండి అంటారు. మొదటి రివ్యూయర్ సాధారణంగా భాష గురించి, పట్టికల అమరిక గురించి నాలుగు మాటలు అని వదిలేస్తాడు. పేపర్ తీసుకున్నవాళ్ల నిద్ర చెడగొట్టేది లెక్కల జోలికి వచ్చిన రివ్యూయర్. అలాంటి రివ్యూయర్‌కు రాసే జవాబు లేఖ ఎలా ఉండాలి, అందులో ఏది ఒప్పుకోవాలి, దేనికి కాదనాలి అన్నది ఒక ఉదాహరణ పట్టుకుని చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

ఈ వ్యాసం కోసం ఒక అధ్యయనాన్ని ఊహించుకుందాం. ఊళ్లు, పిల్లలు, అంకెలు అన్నీ ఊహించినవే. లెక్క మాత్రం ఎవరు చేసినా ఇలాగే వస్తుంది.

ఇరవై ఊళ్ల అంగన్‌వాడీ కేంద్రాలు. చీటీలు వేసి పది ఊళ్లలో పిల్లలకు రాగి, సజ్జ కలిపిన భోజనం పెట్టారు. మిగతా పది ఊళ్లలో ఎప్పటి భోజనమే. ఊరికి ముప్పై మంది చొప్పున మొత్తం 600 మంది పిల్లలు. ఆరు నెలల తర్వాత పది రకాల కొలతలు తీశారు. వాటిలో ముఖ్యమైనది రక్తంలో హిమోగ్లోబిన్. కొత్త భోజనం తిన్న పిల్లల్లో సగటున డెసీలీటరుకు 0.4 గ్రాములు ఎక్కువగా కనిపించింది. 300 మందిని 300 మందితో పోల్చి మామూలు టి-పరీక్ష చేస్తే పి-విలువ 0.0002 వచ్చింది. అంటే భోజనం వల్ల నిజానికి ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం పది వేలలో రెండు. బృందం సంబరంగా పేపర్ రాసి పంపింది.

రెండో రివ్యూయర్ రెండే అభ్యంతరాలు రాశాడు. ఒకటి: "భోజనం ఊరికి ఊరే మారింది. లెక్కలో మాత్రం 600 మంది పిల్లల్ని ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లుగా తీసుకున్నారు. ఈ మోడల్ తప్పు." రెండు: "పది కొలతల్ని పరీక్షించి, అందుకు తగ్గ సవరణ ఏదీ చేయలేదు. పదింటికీ కలిపి బోన్‌ఫెరోనీ సవరణ చేయాలి."

మొదటి అభ్యంతరం పూర్తిగా సరైనది. రెండోది సగం సరైనది. ఈ తేడాను గుర్తుపట్టడంలోనే జవాబు లేఖ నాణ్యత ఉంది.

మొదటిదాన్ని చూద్దాం. ఒకే ఊరి పిల్లలు తాగేది ఒకే నీళ్లు. వండేది ఒకే ఆయా. ఆ ఊళ్లో నులిపురుగుల మాత్రలు సరిగా పంచే ఆశా కార్యకర్త ఉంటే ముప్పై మందికీ మేలు, లేకపోతే ముప్పై మందికీ నష్టం. కాబట్టి ఒక ఊళ్లో మొదటి పది మంది రక్తం పరీక్షించాక, మిగతా ఇరవై మంది గురించి కొంత ముందే తెలిసిపోయినట్టే. ముప్పయ్యో పిల్లవాడి నుంచి వచ్చే కొత్త సమాచారం మొదటి పిల్లవాడి నుంచి వచ్చినంత ఉండదు. లెక్క మాత్రం ఇద్దరికీ సమానమైన విలువ ఇచ్చింది.

ఈ పోలిక ఎంతుందో కొలవడానికి ఒక సంఖ్య ఉంది. పిల్లల మధ్య హిమోగ్లోబిన్‌లో కనిపించే మొత్తం హెచ్చుతగ్గుల్లో, ఊరు మారడం వల్ల వచ్చిన వాటా ఎంత అన్నది అది చెబుతుంది. మన ఉదాహరణలో అది 0.05 అనుకుందాం. నూటికి ఐదు పాళ్లు. చూడ్డానికి చాలా చిన్నది. కానీ ఊరికి ముప్పై మంది ఉన్నప్పుడు దాని ప్రభావం చిన్నది కాదు. ఒకటికి, ఇరవై తొమ్మిది రెట్లు 0.05 కలిపితే 2.45 వస్తుంది. 600 మందిని 2.45తో భాగిస్తే 245. అంటే బృందం 600 మంది పిల్లల రక్తం తీసినా, వాళ్ల దగ్గర ఉన్న సమాచారం దాదాపు 245 మంది పరస్పర సంబంధం లేని పిల్లల నుంచి వచ్చేదానితో సమానం.

ఇక తిరగ లెక్క కట్టాలి. సగటు తేడా మారదు, 0.4 గ్రాములు అలాగే ఉంటుంది. మారేది దాని చుట్టూ ఉన్న అనిశ్చితి. పాత లెక్కలో అసలు తేడా 0.19 నుంచి 0.61 మధ్య ఉండొచ్చని తేలింది. ఊరిని లెక్కలోకి తీసుకున్నాక అది 0.05 నుంచి 0.75 వరకు సాగింది. పి-విలువ 0.0002 నుంచి 0.027కు పెరిగింది. ఫలితం నిలబడింది కానీ అంచుమీద నిలబడింది. మొదటి పేపర్‌లో ఉన్న ధీమాకు ఈ అంకెల్లో చోటు లేదు.

ఈ పనికి పరిశోధకులు మిశ్రమ ప్రభావాల మోడల్ వాడతారు. ఆర్ అనే గణాంక భాషలో అది ఒక్క వాక్యం:

```
lmer(hb ~ group + (1 | village), data = d)
```

చివర కుండలీకరణాల్లో ఉన్నదే రివ్యూయర్ అడిగింది. ప్రతి ఊరికీ దానిదైన ఎత్తుపల్లం ఒకటి ఉందని మోడల్‌కు చెప్పడం. దీనికి బదులు ఇరవై ఊళ్ల పేర్లను ఇరవై విడి అంశాలుగా చేర్చేస్తే సరిపోదా అని కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అడుగుతారు. సరిపోదు. ఏ ఊరైనా పూర్తిగా కొత్త భోజనంలోనో పూర్తిగా పాత భోజనంలోనో ఉంది. ఊరి ప్రభావాన్ని మొత్తంగా తీసేస్తే దానితోపాటు భోజనం ప్రభావమూ పోతుంది, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే ఉంది. మోడల్ సరిగానే రాసి, పి-విలువ తీసేటప్పుడు పెద్ద సంఖ్యలకు పనికొచ్చే మామూలు సూత్రం వాడితే 0.016 వస్తుంది. ఉన్నవి ఇరవై ఊళ్లే కాబట్టి దానికి తగినట్టు కట్టాలి, అప్పుడు 0.027. ఊళ్లు తక్కువైనప్పుడు ఈ సర్దుబాటు చేయడానికి కెన్‌వర్డ్, రోజర్ అనే ఇద్దరు 1997లో ఒక పద్ధతి ఇచ్చారు. మంచి రివ్యూయర్ జవాబు లేఖలో మొట్టమొదట వెతికేది ఈ ముక్కే. మోడల్ పేరు చెప్పి ఊరుకున్నారా, ఊళ్ల సంఖ్యకు తగ్గట్టు లెక్క కట్టారా అన్నది దీంతోనే తేలుతుంది.

కంప్యూటర్ లేకుండా సరిచూసుకునే దారి కూడా ఉంది. 600 మంది సంగతి పక్కన పెట్టి, ఊరికొక సగటు చొప్పున ఇరవై అంకెలు కాగితం మీద రాసుకోవాలి. పదింటిని పదింటితో పోల్చి మామూలు టి-పరీక్ష చేయాలి. అన్ని ఊళ్లలో పిల్లల సంఖ్య సమానంగా ఉంటే మిశ్రమ మోడల్ చెప్పిందే ఇదీ చెబుతుంది. ఈ ఒక్క పట్టికను జవాబు లేఖలో చేరిస్తే, మోడల్ పేరు వినని ఎడిటర్‌కు కూడా విషయం అర్థమవుతుంది.

ఈ పొరపాటు చిన్న బృందాలకే పరిమితం కాదు. స్పెయిన్‌లో 7,447 మంది మీద మెడిటరేనియన్ ఆహారం గురించి ప్రెడిమెడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఆలివ్ నూనె, గింజలు ఎక్కువగా తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం తగ్గాయని 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. 2017లో జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు వైద్యుడు 5,087 పరీక్షల పట్టికలను గణాంకపరంగా జల్లెడపట్టాడు. యాదృచ్ఛికంగా పంచితే ఇలాంటి అంకెలు రావడం కష్టమని అనుమానం కలిగించిన వాటిలో ప్రెడిమెడ్ ఒకటి. ఆ బృందం రికార్డులు తిరగేస్తే అసలు విషయం బయటపడింది. ఒక కేంద్రంలో మనుషుల్ని ఒక్కొక్కరిగా కాకుండా క్లినిక్‌కు క్లినిక్‌నే ఒక ఆహారానికి కేటాయించారు. కొన్ని ఇళ్లలో ఒకరు చేరాక అదే ఇంట్లోని రెండోవాళ్లకు విడిగా చీటీ వేయకుండా అదే ఆహారం ఇచ్చారు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు వంటలు చేయమనడం ఎవరికైనా కష్టమే, అందులో దురుద్దేశం వెతకక్కర్లేదు. కానీ లెక్క మాత్రం అందరినీ విడివిడి మనుషులుగానే చూసింది. 2018 జూన్‌లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుని, సవరించిన లెక్కతో మళ్లీ ప్రచురించారు. ఫలితం దిశ మారలేదు, ఆహారమే కారణమని చెప్పే మాట మాత్రం మెత్తబడింది. ఆ ప్రశ్న ప్రచురణకు ముందే ఒక రివ్యూయర్ అడిగి ఉంటే, ఒక జవాబు లేఖతో పోయేది.

రెండో అభ్యంతరం దగ్గర కథ మలుపు తిరుగుతుంది.

పది కొలతలు తీసి, ఏదో ఒకటి 0.05 కంటే తక్కువ వస్తే చాలనుకుంటే ఏమవుతుంది? భోజనంలో ఏ గుణమూ లేదనుకున్నా, ఒక్కో పరీక్షలో పొరపాటున తేడా కనిపించే అవకాశం నూటికి ఐదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పరీక్షల్లో కనీసం ఒకదానిలో అలా కనిపించే అవకాశం నూటికి నలభై. ఇరవై పరీక్షలైతే అరవై నాలుగు. ఎన్ని చోట్ల వల వేస్తే అన్ని చేపలు పడతాయి, అందులో కొన్ని చేపలే కావు.

ఇది ఎంత ప్రమాదకరమో వైద్య చరిత్రలో ఒక జవాబు చూపించింది. 1988లో ఐసిస్-2 అనే పరీక్ష ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రిలో చేరిన 17,187 మంది మీద జరిగిన పరీక్ష అది. ఆస్పిరిన్ తీసుకున్న 8,587 మందిలో ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణాలతో చనిపోయినవాళ్లు 804 మంది. ఉత్తి మాత్ర తీసుకున్న 8,600 మందిలో 1,016 మంది. ఇంత స్పష్టమైన ఫలితం చూశాక కూడా, ఏ వయసువాళ్లకు పనిచేసింది, ఏ రకం రోగులకు పనిచేయలేదు అని ఉపవర్గాలుగా విడగొట్టి చూపమని పత్రిక నుంచి ఒత్తిడి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ పీటో బృందం అందుకు ఒప్పుకుంది. ఒప్పుకుంటూ, పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్య జ్యోతిషం చెప్పే పన్నెండు రాశుల విభజన కూడా చేర్చింది. మిథున, తుల రాశుల వాళ్లలో ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ల మరణాలు 9 శాతం ఎక్కువగా కనిపించాయి. మిగతా పది రాశుల్లో 28 శాతం తగ్గాయి. పేపర్‌లో అది అచ్చయింది. తులారాశి రోగికి ఆస్పిరిన్ ఆపేయమని ఏ వైద్యుడూ చెప్పడు. అలాగే, ఒకే పరీక్షను పదిసార్లు విడగొట్టి వచ్చిన మరే ఉపవర్గం ఫలితాన్నీ అంత తేలిగ్గా నమ్మకూడదని ఆ రెండు రాశులు చూపించాయి. రివ్యూయర్‌తో వాదించకుండా, అడిగింది చేసి చూపించి, అందులోని ప్రమాదాన్ని అంకెతోనే బయటపెట్టిన జవాబు అది.

మన ఊళ్ల దగ్గరికి వద్దాం. రివ్యూయర్ అడిగిన బోన్‌ఫెరోనీ సవరణ అర్థం కావడానికి తేలిక. ఇటలీ గణితవేత్త కార్లో ఎమిలియో బోన్‌ఫెరోనీ 1936లో రాసిన సూత్రం మీద అది నిలబడింది. దాన్ని ఇలాంటి పోలికలకు వాడే విధానాన్ని ఆలివ్ జీన్ డన్ 1961లో వివరించింది. పది పరీక్షలుంటే హద్దును పదితో భాగించాలి. 0.05 బదులు 0.005 కంటే తక్కువ వస్తేనే లెక్క. హిమోగ్లోబిన్ పి-విలువ 0.027. రివ్యూయర్ చెప్పినట్టు చేస్తే అధ్యయనం అక్కడితో కూలిపోతుంది.

ఇక్కడే బృందం కాదనాలి. అయితే కాదనే హక్కు వాళ్లకు ఉండాలంటే ఒక కాగితం కావాలి.

భారతదేశంలో మనుషుల మీద చేసే పరీక్షలను నమోదు చేయడానికి 2007 జూలైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా మొదలైంది. మొదటి మనిషిని చేర్చకముందే ఆ పరీక్షలో ప్రధానంగా కొలవబోయేది ఏది, అదనంగా చూడబోయేవి ఏవి అని అందులో రాయాలి. తేదీ పడుతుంది. తర్వాత మార్చితే ఆ మార్పూ కనిపిస్తుంది. మన బృందం మొదటి పిల్లవాడి రక్తం తీయకముందే ప్రధాన కొలత హిమోగ్లోబిన్ అని అక్కడ రాసి ఉంటే, వాళ్లు అడిగిన ప్రధాన ప్రశ్న ఒక్కటే. ఒక్క ప్రశ్నకు ఒక్క పరీక్ష. దాన్ని పదితో భాగించాల్సిన పని లేదు. మిగతా తొమ్మిదికే సవరణ చేయాలి.

నమోదు చేయకపోతే? అప్పుడు హిమోగ్లోబిన్ పది కొలతల్లో ఒకటి మాత్రమే. ఫలితాలు చూశాక దాన్ని ముందుకు తెచ్చారో లేదో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. పదింటినీ ఒకే కుప్పలో పెట్టి సవరించాలి. బోన్‌ఫెరోనీ కాకుండా కాస్త ఉదారంగా ఉండే పద్ధతి వాడినా, 0.027 హద్దు దాటలేదు. అదే రక్తం, అదే 0.4 గ్రాములు, అదే పి-విలువ. రిజిస్ట్రీలో పడిన ఒక తేదీ మీద ఆ ఫలితం భవితవ్యం ఆధారపడింది. కొత్త పరిశోధకులు రిజిస్ట్రేషన్‌ను అనుమతుల కోసం నింపే ఫారంగా చూస్తారు. రెండేళ్ల తర్వాత రివ్యూయర్‌కు జవాబు రాసేటప్పుడు వాళ్ల చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఇప్పుడు మిగతా తొమ్మిది. ఊరిని లెక్కలోకి తీసుకున్న తర్వాత వాటి పి-విలువలు ఇలా వచ్చాయనుకుందాం. శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్‌కు 0.003. అంగన్‌వాడీ హాజరుకు 0.009. చేతి దండ చుట్టుకొలతకు 0.014. బరువుకు 0.031. జ్వరం వచ్చిన రోజులకు 0.042. మిగతా నాలుగూ 0.18 పైనే. సవరణ లేకుండా చూస్తే ఐదు ఫలితాలు. తొమ్మిదితో భాగించే బోన్‌ఫెరోనీ పెడితే హద్దు దాదాపు 0.0056, ఫెరిటిన్ ఒక్కటే మిగులుతుంది.

బోన్‌ఫెరోనీ లక్ష్యం ఒక్క తప్పు కూడా దొర్లకూడదన్నది. మందును మార్కెట్‌లోకి వదిలే నిర్ణయానికి అది న్యాయమే. తర్వాత ఏ దిశలో చూడాలో తెలుసుకోవడానికి తీసిన అదనపు కొలతలకు అది మరీ కఠినం. ఇజ్రాయెల్‌కు చెందిన యోవ్ బెంజమినీ, యోసెఫ్ హాక్‌బర్గ్ 1995లో ఇంకో ప్రశ్న వేశారు. ఇవి నిజమైన తేడాలు అని మనం ప్రకటించిన వాటిలో, సగటున ఎంత శాతం తప్పుగా తేలడానికి ఒప్పుకుంటాం? ఐదు శాతం అనుకుంటే, పి-విలువల్ని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో హద్దు ఇవ్వాలి. తొమ్మిదింటిలో మొదటిదానికి 0.05లో తొమ్మిదో వంతు, రెండోదానికి రెండు తొమ్మిదో వంతులు, మూడోదానికి మూడు. అలా మెట్లు ఎక్కుతూ పోవాలి. హద్దు లోపల ఉన్న చివరి మెట్టు ఎక్కడుందో చూసి, అక్కడి వరకు ఉన్నవన్నీ తీసుకోవాలి.

మన వరుసలో మూడో మెట్టు హద్దు 0.0167. దండ చుట్టుకొలత విలువ 0.014, లోపలే ఉంది. నాలుగో మెట్టు హద్దు 0.0222, బరువు విలువ 0.031, బయట పడింది. ఐదోదైన జ్వరం రోజులూ బయటే. కాబట్టి మూడు మిగిలాయి. ఆర్‌లో ఇదీ ఒక్క వాక్యమే:

```
p.adjust(p, method = "BH")
```

ఈ పద్ధతికీ ఒక షరతు ఉంది. పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైనా కావాలి, ఒకే దిశలో కలిసి నడిచేవైనా కావాలి. ఒకే పిల్లల ఫెరిటిన్, దండ చుట్టుకొలత, బరువు సాధారణంగా కలిసే పెరుగుతాయి కాబట్టి ఇక్కడ ఫర్వాలేదు. ఆ మాట జవాబు లేఖలో ఒక వాక్యంలో చెప్పాలి. చెప్పకపోతే మూడో విడత ఉత్తరం అదే ప్రశ్నతో వస్తుంది.

ఇప్పుడు లేఖ రాయాలి. ఈ లేఖలు సాధారణంగా ఇంగ్లీషులోనే సాగుతాయి. వాటి రూపం అందరికీ ఒకటే. రివ్యూయర్ మాటను ఒక్క అక్షరం తీసేయకుండా మందమైన అక్షరాల్లో పెడతారు. దాని కింద జవాబు. ఆ కింద, పేపర్‌లో ఏ పేజీలో ఏ వరుస మారిందో. మన బృందం మొదటి అభ్యంతరానికి ఇచ్చే జవాబు తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"రివ్యూయర్ చెప్పింది నిజం. చీటీలు ఊరికి వేసి, లెక్క పిల్లలకు కట్టాం. ఇప్పుడు ఊరిని మోడల్‌లో చేర్చి, ఇరవై ఊళ్లకు తగిన సర్దుబాటుతో మళ్లీ చేశాం. తేడా 0.4 గ్రాములు మారలేదు. దాని పరిధి 0.19–0.61 నుంచి 0.05–0.75కు పెరిగింది, పి-విలువ 0.0002 నుంచి 0.027కు పెరిగింది. ఊరి సగటులతో చేసిన సాదా పరీక్ష కూడా ఇదే చెప్పింది. గట్టి ఆధారం అన్న మాటను సారాంశం నుంచి తీసేశాం."

రెండోదానికి:

"అదనపు కొలతలకు సవరణ చేయకపోవడం మా లోపం. తొమ్మిదింటికీ బెంజమినీ–హాక్‌బర్గ్ సవరణ చేశాం. ఐదులో మూడు నిలిచాయి. బరువు, జ్వరం రోజుల గురించి మేం ముందు చేసిన ప్రకటనను వెనక్కి తీసుకుంటున్నాం. హిమోగ్లోబిన్‌ను మాత్రం ఈ సవరణలో చేర్చలేదు. అది ఏకైక ప్రధాన కొలతగా మొదటి పిల్లవాడిని చేర్చకముందే రిజిస్ట్రీలో నమోదైంది. పదింటికీ బోన్‌ఫెరోనీ చేస్తే వచ్చే ఫలితాన్ని కూడా అనుబంధ పట్టికలో ఇచ్చాం. పాఠకులు రెండూ చూసుకోవచ్చు."

ఈ రెండు జవాబుల్లో గమనించాల్సింది, పోయినవాటిని పేరు పెట్టి చెప్పడం. పిల్లల బరువు పెరిగిందన్న వాక్యం మొదటి పేపర్ సారాంశంలో ఉంది. వార్తాపత్రికలు పట్టుకునే వాక్యం అదే. దాన్ని తీసేయడం బృందానికి బాధే. అది తీసేశామని లేఖలో రాసినప్పుడే ఎడిటర్‌కు మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

జవాబు లేఖ దారి తప్పినప్పుడు దాని గుర్తులూ తెలిసిపోతాయి. విలువైన సూచనకు కృతజ్ఞతలు అని మొదలుపెట్టి, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు చెప్పి, మారిన అంకె మాత్రం చెప్పకుండా ముగించే జవాబు ఒకటి. ఊరిని మోడల్‌లో చేర్చామంటూ, పట్టికలో పాత పరిధినే వదిలేసే జవాబు ఇంకొకటి. 600 మందికి తగిన పరిధి పక్కన కొత్త పి-విలువ కనిపిస్తే రివ్యూయర్‌కు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఎందుకంటే పరిధి ఇరుగ్గా ఉంటే పి-విలువ పెరగదు. అన్నిటికంటే చెడ్డది, ఏ సవరణతో ఎక్కువ ఫలితాలు మిగులుతాయో చూసుకుని దాన్నే ఎంచుకుని, కారణం తర్వాత వెతకడం. బెంజమినీ–హాక్‌బర్గ్ ఎంచుకున్నందుకు కారణం ఆ కొలతల స్వభావంలో ఉండాలి, మిగిలిన ఫలితాల సంఖ్యలో కాదు. పదింటికీ బోన్‌ఫెరోనీ చేసిన పట్టికను కూడా అనుబంధంలో పెట్టడం వల్ల ఆ అనుమానానికి చోటు ఉండదు.

సవరణలే అక్కర్లేదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఎపిడెమియాలజిస్ట్ కెన్నెత్ రోత్‌మన్ 1990లో రాసిన వ్యాసం ఆ వాదానికి పెట్టింది పేరు. ప్రకృతి క్రమబద్ధంగా నడుస్తుందని నమ్మి పరిశోధన చేస్తున్నప్పుడు, ప్రతి కొలతనూ యాదృచ్ఛికమని అనుమానించి మంచి ఆధారాల్ని పారేసుకోవద్దని ఆయన భావం. ఆ వాదంలో బలం ఉంది. కానీ దాన్ని ఆశ్రయించేవాళ్లు తీసిన పది కొలతలనూ, వాటి అసలు పి-విలువలనూ పాఠకుడి ముందు పెట్టాలి. ఐదు చూపించి ఐదు దాచినవాళ్లకు రోత్‌మన్ పేరు చెప్పుకునే హక్కు లేదు.

ఈ లేఖలు ఒకప్పుడు ఎడిటర్ బల్ల దాటి బయటికి వచ్చేవి కావు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఎంబో జర్నల్ 2009 నుంచీ, బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2014 నుంచీ రివ్యూయర్ల అభిప్రాయాలనూ, రచయితల జవాబులనూ పేపర్‌తోపాటే అందరికీ అందుబాటులో పెడుతున్నాయి. ఫలానా ఆహారం తింటే ఫలానా జబ్బు తగ్గుతుందన్న వార్త మీ వాట్సాప్‌లోకి వచ్చినప్పుడు, దాని వెనకున్న పేపర్ అలాంటి పత్రికలో వచ్చి ఉంటే, సారాంశం చదివి ఆగకండి. జవాబు లేఖ తెరిచి, మొదటి విడతలో ఎన్ని ఫలితాలు ఉన్నాయో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.